నిమిషం పరిమితికి వీడియోను కోసేటప్పుడు: మాట తెగకుండా, అర్థం మారకుండా

ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు వర్షాకాలపు పాముకాట్ల గురించి గ్రామస్థులతో మాట్లాడిన వీడియో ఒకటి ఉన్నదనుకుందాం. నిడివి 4 నిమిషాల 38 సెకన్లు. దానిని వాట్సప్ స్టేటస్‌లో పెట్టదలచిన ఒక కార్యకర్త నిమిషానికి ఒకటి చొప్పున ఐదు ముక్కలు చేశారు. మొదటి ముక్క సరిగ్గా అరవయ్యో సెకను దగ్గర ముగిసింది. అందులో వైద్యుని చివరి మాటలు ఇవి: "పాము కాటు వేసిందని తెలిసిన వెంటనే, కాలికి పైన తాడుతో గట్టిగా బిగించి కట్టి, కాటు పడ్డచోట బ్లేడుతో గాటు పెట్టి రక్తం..." రెండవ ముక్క ఇలా మొదలైంది: "...పిండేయడం వంటివి ఎంతమాత్రం చేయకూడదు."

మొదటి ముక్క చూసి ఫోన్ పక్కన పెట్టినవారికి, లేదా ఆ ఒక్క ముక్కే ఎవరో పంపగా అందుకున్నవారికి, వైద్యుడు ఏమి చెప్పినట్లు? బిగించి కట్టమని, గాటు పెట్టమని. ఆయన చెప్పినది దానికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ వీడియోను వక్రీకరించలేదు. కోత పడవలసిన చోట పడలేదు, అంతే.

దీర్ఘమైన వీడియోలను భాగాలుగా పంపవలసిన అవసరం ఇప్పుడు పంచాయతీ కార్యాలయాల నుంచి పాఠశాలల వరకు అందరికీ ఎదురవుతున్నది. వాట్సప్ ఇప్పుడున్న రూపంలో స్టేటస్‌ను 2017లో ప్రవేశపెట్టినప్పుడు ఒక్కొక్క వీడియోకు 30 సెకన్ల హద్దు ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ సమయాన మన దేశంలో దానిని కొంతకాలం 15 సెకన్లకు కుదించారు. తరువాత పాత హద్దు తిరిగి వచ్చింది, ఆపైన నిమిషానికి పెరిగింది, కొత్త వెర్షన్లలో 90 సెకన్లయింది. అయినా ఈ వ్యాసంలో నిమిషాన్నే కొలతగా తీసుకుంటున్నాము. మన ఫోన్‌లో 90 సెకన్లకు వీలున్నా, మన దగ్గర నుంచి తీసుకుని తమ స్టేటస్‌లో పెట్టుకునేవారి ఫోన్‌లో పాత వెర్షన్ ఉండవచ్చు. అప్పుడు మనం జాగ్రత్తగా ముగించిన చివర వారి ఫోన్‌లో తెగిపోతుంది.

తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది

గడియారం చూసి కోయడం ఏ భాషలోనైనా తప్పే. తెలుగులో ఆ తప్పు మరింత ప్రమాదకరం. దానికి కారణం మన వాక్య నిర్మాణం.

ఆంగ్లంలో "డు నాట్" అనే మాట వాక్యం మొదటనే వచ్చేస్తుంది. హిందీలో "మత్" సాధారణంగా క్రియకు ముందు వస్తుంది. వాక్యం మధ్యలో తెగినా నిషేధం వినేవారి చెవిన పడే ఉంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఆ క్రియలో కూడా నిషేధం చిట్టచివర వస్తుంది. "కట్టాలి", "కట్టకూడదు", "కట్టవచ్చు", "కట్టరాదు" అనే నాలుగు మాటలకూ మొదటి అక్షరాలు ఒకటే. చేయమనడం, వద్దనడం తేలేది ఆ తరువాతి రెండు మూడు అక్షరాల్లోనే. మాట్లాడే వేగంలో వాటి నిడివి అర సెకను కూడా ఉండదు. ఆ అర సెకను తరువాతి ముక్కలోకి వెళ్ళిపోతే ముందరి ముక్క అర్థం గాలిలో ఉండిపోతుంది.

ఇంతకంటె మోసకరమైన చోటు మరొకటి ఉన్నది. అదే వీడియోలో వైద్యుడు ఒకచోట ఇలా అంటారు: "ఫలానా ఆకు పసరు పూస్తే విషం దిగిపోతుంది..." అని ఒక క్షణం ఆగి, "...అని ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. అది నిజం కాదు." ఇక్కడ "దిగిపోతుంది" అనే చోట వాక్యం పూర్తయినట్లే ఉంటుంది. క్రియ వచ్చింది, విరామం కూడా వచ్చింది. అక్కడ కోస్తే ముక్క ఎంతో శుభ్రంగా ముగిసినట్లు కనిపిస్తుంది. కాని వైద్యుడు ఖండించడానికి ఎత్తుకున్న మూఢనమ్మకం ఆయన నోటనే సలహాగా మిగిలిపోతుంది. తరువాతి మాట "అని" అయినా, "అంటారు" అయినా, "అనుకుంటే పొరపాటు" అయినా, ముందరి వాక్యం వక్తది కాదు, మరొకరిది. దానిని దాని ఖండన నుంచి విడదీయకూడదు.

కనుక కోతకు ముందు వినవలసినది విరామం ఒక్కటే కాదు, స్వరం కూడా. మాట పూర్తయినప్పుడు గొంతు కిందికి దిగుతుంది. ఇంకా చెప్పవలసినది ఉన్నప్పుడు చివరి అక్షరం కొంచెం సాగుతుంది, లేదా గొంతు పైనే నిలుస్తుంది. "చేసి", "అయితే", "కాబట్టి", "ఏమిటంటే" అనే మాటల తరువాత వక్తలు తరచుగా ఊపిరి తీసుకుంటారు. అది నిశ్శబ్దమే కాని ముగింపు కాదు. దీనిని పసిగట్టడానికి ఒక సులువైన మార్గం: కళ్ళు మూసుకుని ఆ ముక్క చివరి ఐదు సెకన్లు వినండి. కథ వింటున్నట్లు "ఊఁ, తరువాత?" అనిపిస్తే అది తెగిన చోటు. "సరే" అనిపిస్తే అది ముగిసిన చోటు.

రేడియోలో అయస్కాంత టేపు మీద పనిచేసిన తరం వారికి ఇది కొత్త సంగతి కాదు. పావు అంగుళం వెడల్పున్న టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున తిరిగేది. రీళ్ళను చేత్తో ముందుకూ వెనుకకూ తిప్పుతూ మాట ఎక్కడ ముగిసిందో విని, మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసేవారు. ఒక అక్షరం అంటే సుమారు అంగుళంన్నర టేపు. వేలు అంగుళం పక్కకు జరిగితే "చేయకూడదు" కాస్తా "చేయకూడ" అయ్యేది. ఇప్పుడు బ్లేడు లేదు, కాని అక్షరం నిడివి అంతే ఉన్నది.

ఒక వీడియో, ఆరు భాగాలు

మళ్ళీ ఆ పాముకాటు వీడియో దగ్గరకు వద్దాం. మొత్తం 278 సెకన్లు. ఏదైనా కోయడానికి ముందు ఒక కాగితం దగ్గర పెట్టుకుని వీడియోను మొదటి నుంచి చివరి వరకు వినాలి, విషయం మారిన ప్రతిచోటా సమయం రాసుకోవాలి. ఐదు నిమిషాల వీడియోకు ఇది పదిహేను నిమిషాల పని. మిగిలిన పనంతా దీనిమీదనే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

భాగం గరిష్ఠ నిడివిని 60 సెకన్లుగా కాక 58గా పెట్టుకోవడం మేలు. చాలా వీడియోలలో సెకనుకు 25 లేదా 30 చిత్రాలుంటాయి. ఒక్క చిత్రం ఎక్కువైనా నిడివి 60.04 అవుతుంది, యాప్ దానిని హద్దు దాటినట్లే చూస్తుంది.

58 సెకన్లలోపు వైద్యుని మాటల్లో మూడు చెప్పుకోదగిన విరామాలున్నాయి. 47.9 నుంచి 48.8 వరకు ఒకటి. వర్షాకాలంలో పొలాల్లోకి పాములు ఎందుకు వస్తాయో చెప్పడం అక్కడ ముగిసింది. 53.1 దగ్గర మరొకటి, "తెలిసిన వెంటనే" అనే మాట తరువాత. 57.2 దగ్గర మూడవది, "బిగించి కట్టి" తరువాత. నిమిషానికి అతి దగ్గరగా ఉన్నది కదా అని మూడవదానిని ఎంచుకోవాలనిపిస్తుంది. కాని "కట్టి" అసమాపక క్రియ. రెండవది కూడా అంతే. మిగిలింది మొదటిది. కాబట్టి మొదటి భాగాన్ని 48.4 దగ్గర కోయాలి. పదకొండున్నర సెకన్ల జాగా వదులుకున్నట్లు అనిపించవచ్చు. దాని వల్ల నష్టమేమీ లేదు. స్టేటస్ చూసేవారెవరూ ముక్క నిండలేదని ఫిర్యాదు చేయరు.

రెండవ భాగంలో చేయకూడని పనులన్నీ ఉన్నాయి: బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం. "ఈ మూడింటిలో ఏదీ చేయవద్దు" అన్న మాటతో 98.2 దగ్గర అవి ముగుస్తాయి, ఒక సెకనుకు పైగా విరామం ఉన్నది. 98.7 దగ్గర కోత. మూడవ భాగంలో చేయవలసినవి: బాధితునికి ధైర్యం చెప్పడం, కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచడం, వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసివేయడం. అది 151.4 వరకు.

నాల్గవ భాగం దగ్గర చిక్కు వచ్చింది. 151.4 నుంచి 58 సెకన్లు లెక్కిస్తే 209.4 వరకు వెళ్ళవచ్చు. ఆ హద్దుకు దగ్గరలో స్పష్టమైన విరామం ఒక్కటే, 206.9 దగ్గర. పైన చెప్పిన "విషం దిగిపోతుంది" అనే మాట తరువాతది అదే. దాని ఖండన 211 దాటిన తరువాత గాని పూర్తికాదు. అందువల్ల వెనుకకు రావాలి. 108కు ఫోన్ చేయడం, పామును పట్టుకునే ప్రయత్నం చేయకుండా కాటు పడిన సమయం గుర్తు పెట్టుకోవడం గురించిన మాటలు 185.6 దగ్గర ముగుస్తాయి. కోత 186.0 దగ్గర. ఈ భాగం నిడివి 34.6 సెకన్లు మాత్రమే. అయిదవ భాగం పసరు మందులు, మంత్రాల గురించిన నమ్మకాలు, వాటి ఖండన, వాటి వల్ల జరిగే ఆలస్యం. అది 239.8 వరకు, 53.8 సెకన్లు. చివరిది ఆసుపత్రిలో రక్తం గడ్డకట్టే తీరును ఎలా పరీక్షిస్తారో, విషానికి విరుగుడు మందు ఎప్పుడు ఇస్తారో చెప్పే 38.2 సెకన్లు.

గడియారం లెక్కన ఐదు ముక్కలయ్యేది అర్థం లెక్కన ఆరయింది. ఆరింటిలో ఏ ఒక్కటి విడిగా ఎవరి చేతికి వెళ్ళినా తప్పుడు సలహా కాదు. ఇదే అసలు పరీక్ష. స్టేటస్‌లో ముక్కలు వరుసగా కనిపిస్తాయి, నిజమే. గ్రూపుల్లో తిరిగేటప్పుడు ఆ వరుస ఉండదు. అందరినీ భయపెట్టేదో, ఆశ్చర్యపరచేదో అయిన ఒక్క ముక్కే ఊరూరా తిరుగుతుంది.

కోతను విరామంలో ఎక్కడ పెట్టాలన్నది మరో చిన్న ప్రశ్న. చివరి మాట తరువాత సుమారు అర సెకను నిశ్శబ్దం ఉంచాలి. స్టేటస్‌లో ఒక ముక్క ముగియగానే తరువాతిది వెంటనే వచ్చేస్తుంది, మధ్యలో ఊపిరి ఆడదు. మాట చివరి అచ్చు గదిలో మెల్లగా ఆరిపోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. ఆ ఆరిపోవడాన్ని కోస్తే "టిక్" మన్న శబ్దం వినబడుతుంది. తరువాతి భాగం మొదట్లో మాటకు ముందు పావు సెకను చాలు. అంతకంటె ఎక్కువ ఉంటే చూసేవారి వేలు తెరను నొక్కి ముందుకు పోతుంది.

ఫోన్‌లో కోసేటప్పుడు

చాలా ఫోన్ల గ్యాలరీలోనే ట్రిమ్ సదుపాయం ఉంటుంది. భాగం మొదలు, చివర గుర్తించి, అసలు వీడియోకు బదులుగా కాక కొత్త ప్రతిగా భద్రపరచాలి. ఆ మీట మీద Save copy అనో, ఐఫోన్‌లో Save Video as New Clip అనో ఉంటుంది. పొరపాటున అసలు దానిమీదనే భద్రపరిస్తే మిగిలిన నాలుగు నిమిషాలు కనబడకుండా పోవచ్చు. పని మొదలుపెట్టే ముందే అసలు వీడియో ప్రతి ఒకటి వేరే చోట దాచుకోవడం ఉత్తమం.

ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. 278 సెకన్ల వీడియో అంతా తెర కింద ఆరు సెంటీమీటర్ల పట్టీలో ఇమిడి ఉంటుంది. అంటే వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే నాలుగున్నర సెకన్లు జరిగినట్లు. అర సెకను విరామాన్ని అలా పట్టుకోవడం అసాధ్యం. కాబట్టి రెండు విడతలుగా కోయాలి. మొదట కావలసిన భాగానికి అటూ ఇటూ పది సెకన్లు ఎక్కువగా ఉండేలా స్థూలంగా కోసి ప్రతి తీసుకోవాలి. ఆ డెబ్బయి సెకన్ల ప్రతిని మళ్ళీ తెరిస్తే మిల్లీమీటరు సుమారు ఒక సెకను అవుతుంది. కొన్ని ఫోన్లలో పట్టీ అంచును నొక్కిపట్టి ఉంచితే అది సాగి, ఇంకా సూక్ష్మంగా జరపవచ్చు. ప్రతి భాగానికీ స్థూల ప్రతిని అసలు వీడియో నుంచే తీసుకోవాలి. కోసిన దానిని కోసి, మిగిలిన దానిని మళ్ళీ కోస్తూ పోతే, ఆరవ భాగానికి వచ్చేసరికి బొమ్మ మసకబారే అవకాశం ఉన్నది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్నిసార్లు ఒక విచిత్రం కనిపిస్తుంది. 98.7 దగ్గర మొదలు కావలసిన భాగం "ఏదీ చేయవద్దు" అనే పాత మాటలతో మొదలవుతుంది. లేదా మాట వినబడుతుంటే బొమ్మ ఒకటి రెండు సెకన్లు కదలకుండా నిలిచిపోతుంది. ఫోన్ పాడైందని, తాము తప్పుగా కోశామని చాలామంది అనుకుంటారు. కారణం వేరు.

వీడియో ఫైలులో ప్రతి చిత్రమూ పూర్తిగా ఉండదు. కొన్ని చిత్రాలు మాత్రమే సంపూర్ణంగా ఉంటాయి, వాటిని కీఫ్రేములంటారు. వాటి మధ్యనున్న చిత్రాలు ఇతర చిత్రాలతో పోలిస్తే ఏమి మారిందో ఆ మార్పును మాత్రమే దాచుకుంటాయి. వైద్యుడు కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే వెనుకనున్న గోడ మారదు కదా, దానిని ప్రతిసారీ దాచుకోవడం దేనికి? ఫైలు చిన్నదయ్యేది ఈ ఉపాయంతోనే. కాని ఒక భాగం మొదలు కావాలంటే అక్కడ సంపూర్ణమైన చిత్రం ఉండాలి. లేకపోతే దేనితో పోల్చాలో ఫోన్‌కు తెలియదు. వీడియోను తిరిగి తయారుచేయకుండా ఉన్నదాన్ని ఉన్నట్లు కోసే పనిముట్లు అందువల్ల వెనుకనున్న కీఫ్రేము దగ్గరకు జారిపోతాయి. ఫోన్ కెమెరాతో నేరుగా తీసిన వీడియోలలో కీఫ్రేములు దగ్గరదగ్గరగానే ఉంటాయి, జారుడు పెద్దగా తెలియదు. ఇతర సాఫ్ట్‌వేర్‌లో తయారై వచ్చిన వీడియోలలో వాటి మధ్య ఎడం పది సెకన్ల వరకు ఉండవచ్చు.

ఈ ఇబ్బంది మొదలుకే గాని చివరకు సాధారణంగా ఉండదు. కాబట్టి కోసిన ప్రతి భాగంలోనూ తప్పక చూడవలసినది మొదటి రెండు సెకన్లు. అక్కడ పాత మాటలు వినబడినా, బొమ్మ నిలిచినా, వీడియోను తిరిగి తయారుచేసి ఇచ్చే ఎడిటింగ్ యాప్‌లో కోయాలి. దానికి కొంచెం సమయం పడుతుంది, బొమ్మ నాణ్యత లేశమాత్రం తగ్గుతుంది. మాట శుభ్రంగా ఉండటానికి ఆ మాత్రం చెల్లించవచ్చు.

కంప్యూటర్ ఉంటే

రోజూ ఇటువంటి పని చేసేవారికి ffmpeg అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా ఉపకరిస్తుంది. అందులో బటన్లు ఉండవు, ఆదేశాన్ని టైపు చేయాలి. నిశ్శబ్దాలు ఎక్కడున్నాయో అదే వెతికి చెబుతుంది.

```
ffmpeg -i talk.mp4 -af silencedetect=noise=-30dB:d=0.4 -f null -
```

నిర్ణీత స్థాయి కంటె శబ్దం తగ్గి, 0.4 సెకన్లకు తగ్గకుండా ఉన్న ప్రతి చోటునూ ఇది silence_start, silence_end అనే పేర్లతో చూపిస్తుంది. ఊరి మధ్యలో తీసిన వీడియోలలో ట్రాక్టరు చప్పుడో, ఫ్యాను రొదో ఉంటే ఒక్క విరామం కూడా దొరకకపోవచ్చు. అప్పుడు -30 స్థానంలో -25 అని పెట్టి చూడాలి. అప్పటికీ దొరకకపోతే చెవినే నమ్ముకోవాలి. జాబితా వచ్చిన తరువాత కూడా అందులో ఏది వాక్యాంతమో, ఏది "అని"కి ముందరి విరామమో తేల్చవలసినది మనిషే. ఈ సాఫ్ట్‌వేర్‌కు నిశ్శబ్దం తెలుసు గాని తెలుగు తెలియదు.

రెండవ భాగాన్ని కోయడానికి ఆదేశం ఇది:

```
ffmpeg -ss 48.4 -to 98.7 -i talk.mp4 -c:v libx264 -crf 20 -c:a aac part2.mp4
```

ఇందులో libx264 అని రాసిన చోట వీడియో తిరిగి తయారవుతుంది కాబట్టి కోత అడిగిన చిత్రం దగ్గరే పడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా సూచనలలో దాని బదులు -c copy అని ఉంటుంది. అది క్షణంలో పని ముగిస్తుంది, కాని పైన చెప్పిన కీఫ్రేము జారుడు అందులోనే ఉన్నది.

హద్దు సెకన్లలో కాక ఎం.బి.లలో ఉన్నప్పుడు

స్టేటస్‌కు కాలం హద్దయితే, ఈమెయిల్‌కూ అనేక దరఖాస్తు పోర్టళ్ళకూ పరిమాణం హద్దు. ఇక్కడ ముక్కలు చేయడం మొదటి ఉపాయం కాకూడదు. ఫోన్‌లో పూర్తి స్పష్టతతో తీసిన వీడియో నిమిషానికి వంద ఎం.బి. దాటడం మామూలే. కూర్చుని మాట్లాడే మనిషిని చూపడానికి అంత అవసరం లేదు. ముందు స్పష్టతను 480కి తగ్గించి, బొమ్మా మాటా కలిపి సెకనుకు సుమారు ఒక మెగాబిట్ ఉండేలా తయారుచేస్తే, 278 సెకన్లను ఎనిమిదితో భాగించగా మొత్తం 35 ఎం.బి.కి లోపే వస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఆ భాగహారం.

జీమెయిల్ హద్దు 25 ఎం.బి. అంటారు గాని, పంపేటప్పుడు ఫైలును అక్షరాలుగా మార్చడం వల్ల పరిమాణం మూడోవంతు పెరుగుతుంది. అంటే అసలు ఫైలు 18 ఎం.బి. లోపు ఉండాలి. ఈ వీడియోకు రెండు భాగాలు సరిపోతాయి. సరిగ్గా సగం 139 సెకన్లు. మన కాగితం మీద దానికి దగ్గరగా ఉన్న వాక్యాంతం 151.4. అక్కడ కోస్తే మొదటి భాగం సుమారు 19 ఎం.బి. అవుతుంది, హద్దు దాటుతుంది. సగం కోసం చేయవలసిన పనుల మధ్యలో కోయడానికి బదులు, వీడియోను మరి కొంచెం తగ్గించి, సెకనుకు 0.9 మెగాబిట్ చేస్తే అదే భాగం 17 ఎం.బి. అయి సరిపోతుంది. వాక్యాన్ని కదపకుండా నాణ్యతను కదపవచ్చు.

పెట్టేటప్పుడు

స్టేటస్‌లో ముందు పెట్టినది ముందు కనిపిస్తుంది కాబట్టి మొదటి భాగంతోనే మొదలుపెట్టి, అన్నిటినీ ఒకే విడతలో పెట్టాలి. ఉదయం మూడు, సాయంత్రం మూడు పెడితే ఇరవై నాలుగు గంటలకు మొదటి మూడు మాయమై, చివరివి మాత్రం మిగిలే సమయం ఒకటి వస్తుంది. ప్రతి భాగం మీద మూలలో "పాముకాటు 2/6" వంటి గుర్తు బొమ్మలోనే ఉండాలి. కింద రాసే వ్యాఖ్యలో రాస్తే, ఇతరులకు పంపేటప్పుడు అది రాకపోవచ్చు. బొమ్మ మీద ఉన్న అంకె ఎక్కడికి వెళ్ళినా వెంట వెళుతుంది. చూసినవారికి ఇంకా అయిదు ఉన్నాయని తెలుస్తుంది.

భాగం మొదటి మాటను కూడా ఒకసారి చూసుకోవాలి. "అందుకే", "అలా చేస్తే", "వాటిని" అని మొదలైతే ముందరిది చూడనివారికి ఏమీ తెలియదు. వక్త మాటను మార్చలేము కాబట్టి, మొదటి రెండు సెకన్లు తెరమీద "పాము కాటు వేస్తే చేయకూడనివి" అని ఒక పంక్తి రాయడం చాలు. నేపథ్య సంగీతం కావాలనుకునేవారు వీడియోను కోసిన తరువాతనే ప్రతి భాగానికీ వేరుగా చేర్చాలి. ముందే చేర్చి కోస్తే మాట ముగిసినా పాట మధ్యలో తెగుతుంది, నిశ్శబ్దాలను వెతికే పనిముట్టుకూ ఏమీ దొరకదు. పాముకాటు వీడియోకు సంగీతం ఎందుకన్నది వేరే ప్రశ్న.

పెట్టబోయే ముందు, ఈ విషయం ఏమీ తెలియని ఇంట్లోవారెవరికైనా ఆరింటిలో ఏదో ఒక భాగాన్ని, మధ్యలోనిదైతే మరీ మంచిది, చూపించి "డాక్టరుగారు ఏం చేయమన్నారు?" అని అడగండి. రెండవ భాగం చూసినవారు "కట్టు కట్టొద్దన్నారు" అంటే కోత సరిగా పడినట్లే. "ఏదో కట్టు కట్టడం గురించి చెప్పారు" అంటే కాగితం మళ్ళీ తీసి, ఆ కోతకు ముందున్న విరామం ఎక్కడున్నదో చూడాలి.